గేటు చప్పుడైతే మీదికొచ్చే కుక్క

గేటు గొళ్లెం చప్పుడవగానే మొరుగుతూ ఎగబడే కుక్కను చూసి చాలామంది మంచి కాపలా కుక్క అని మురిసిపోతారు గానీ, దాని ఒళ్లు గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. తోక కాళ్ల మధ్యకి పోతుంది, చెవులు వెనక్కి వాలతాయి, రెండడుగులు ముందుకి దూకి మళ్లీ వెనక్కి తగ్గుతుంది. అది భయం. కొరియర్ అబ్బాయి ఎలాగూ పార్సిల్ ఇచ్చి వెళ్లిపోతాడు, కుక్కకి మాత్రం తను మొరిగింది కాబట్టే ఆ మనిషి పోయాడని అర్థమవుతుంది. రోజూ ఇలా గెలుస్తుంటే మొరుగుడు ముదురుతుంది. కొట్టి నోరు మూయిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే భయం అలాగే ఉండి, గుర్రుమనే హెచ్చరిక ఒక్కటే పోతుంది.

కావలిలో మా పిన్ని వాళ్ల నాటు కుక్కది ఇదే కథ. చుట్టాలు బస్టాండులో దిగి ఫోన్ చేయగానే దాన్ని వెనక గదిలో పెట్టి, నమలడానికి ఏదైనా ఇచ్చి, బయట గొళ్లెం పెట్టమన్నాను. "పాపం కదా నాయనా, అలవాటు పడాలి కదా" అంది పిన్ని. హాలు నిండా జనంలో కుక్క అలవాటు పడదు, భయాన్నే ఇంకోసారి నేర్చుకుంటుంది. పిల్లలు తలుపు తీసే ఇల్లయితే తాళమే వేయండి.

అలవాటు చేసే పని వేరే రోజు, చుట్టాలు లేనప్పుడు. కుక్కకి బెల్టు వేసి హాలు చివర కూర్చోబెట్టాం, పక్కింటి అబ్బాయి గేటు బయట వీధిలో కనిపించాడు. అతను కనపడ్డాకే ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు ఒకటొకటిగా పెట్టాలి, అతను పక్కకి పోగానే ఆపేయాలి. ఈ వరస తిరగబడి ముందే చికెన్ తీస్తే, చికెన్ కనపడితే ఎవరో వస్తున్నారని కుక్క హడలిపోతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. కొన్నాళ్లకి మనిషిని చూడగానే ముక్క కోసం మన వైపు తిరుగుతుంది, అప్పుడు అతను ఒకడుగు దగ్గరికి రావచ్చు. ముక్క వద్దని బిగుసుకుపోయి చూస్తోందంటే దూరం చాల్లేదని అర్థం, అతన్ని వెంటనే వెనక్కి పంపండి.

చికెన్ ఇంట్లోవాళ్లే పెట్టాలి, వచ్చినాయన చేతిలో పెట్టొద్దు. ఆశకొద్దీ దగ్గరికి పోయిన కుక్క, ముక్క అయిపోగానే కొత్త మనిషి ముఖం ముందు ఉన్నానని గుర్తొచ్చి కరిచే అవకాశం ఉంది.

కరవకుండా మూతికి ఏదైనా వేయాలనుకుంటే బుట్టలాంటి మజిలే కొనండి, దాన్ని కూడా చికెన్‌తోనే మెల్లగా అలవాటు చేయండి. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా నోరు తెరిచి రొప్పడం వల్లే కాబట్టి, మన నెల్లూరు ఎండల్లో నోరు కట్టేసే గుడ్డ పట్టీ ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్నాళ్లూ బాగున్న కుక్క ఉన్నట్టుండి మీదికొస్తుంటే నొప్పేమైనా ఉందేమో, ముందు పశువుల డాక్టరుకి చూపించండి. పిన్ని కుక్క ఇప్పుడు వరండా గ్రిల్ దాకా ఒక మనిషిని ఓర్చుకుంటుంది, నలుగురొస్తే మాత్రం ఇంకా వెనక గదే.