తాళం బొమ్మ ఉంటే ఫోన్ నంబరు ఇచ్చేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. తిరుమలలో గది కోసం ఇంట్లో ఫోన్‌లోనే వెతుక్కునే పెద్దవాళ్ల గురించే నా బెంగంతా. వాళ్లకు నేర్పే మూడు అడుగుల అలవాటు ఇది.

అపోహ: తాళం బొమ్మ ఉంటే అసలు సైటే.
తాళం, https చెప్పేది ఒక్కటే: మీరు టైపు చేసింది దారిలో ఎవరూ చదవలేరని. అవతల అందుకునేవాడు ఎవరో అవి చెప్పవు. ఆ తాళం కనిపించడానికి కావలసిన సర్టిఫికెట్ దొంగ సైటుకీ ఉచితంగానే దొరుకుతుంది.

అపోహ: పేరులో gov.in కనిపిస్తే ప్రభుత్వానిదే.
ఎక్కడ కనిపించిందన్నదే ముఖ్యం. మొదటి అడుగు, చిరునామా కొస చదవడం. చిరునామా పెట్టె మీద వేలు పెడితే మొత్తం కనిపిస్తుంది.

```
https://ttdevasthanams.ap.gov.in/
https://ttdevasthanams.ap.gov.in.example.com/
```

మొదటిది టీటీడీ అసలు సైటు. రెండోది చూపించడానికి నేను కల్పించింది. // అనే రెండు గీతల తర్వాత మొదలుపెట్టి, మళ్లీ / గీత వచ్చేదాకా వెళ్లి, ఆ చివర ఏముందో చూడాలి. కవరు మీద ఊరూ జిల్లా చివర్లో ఉన్నట్టే, సైటు ఎవరిదో చెప్పే ముక్క కూడా చివర్లోనే ఉంటుంది. మొదటిది ముందు చుక్కతో సహా .gov.in తో ముగిసింది, అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. రెండోదాని యజమాని example.com. gov-in అని చుక్క బదులు అడ్డగీత ఉన్నా నమ్మొద్దు.

ప్రైవేటు హోటల్‌కో దుకాణానికో gov.in ఉండదు కాబట్టి ఈ పరీక్ష వాటికి పనికిరాదు. అక్కడ రెండో అడుగే ఆధారం.

అపోహ: గూగుల్‌లో మొదట వచ్చిందే అసలుది.
పైన 'స్పాన్సర్డ్' అని ఉన్నవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. అందుకే రెండో అడుగు: వాట్సాప్‌లో వచ్చిన లింకైనా, ప్రకటనైనా మూసేసి, పాత రసీదు మీదో పాస్‌బుక్ మీదో అచ్చయిన చిరునామా చూసి మనమే టైపు చేయడం.

అపోహ: "నంబరే కదండీ, డబ్బులేం ఇవ్వట్లేదుగా!"
ఈ మాటే నన్ను ఎక్కువ భయపెడుతుంది. దొంగ సైటులో నంబరు కొడితే, మీకు ఫలానా తేదీకి గది కావాలని కూడా వాళ్లకు తెలిసిపోతుంది. కాసేపటికి ఫోన్ వస్తుంది: "నమస్కారం అండి, ఫలానా తేదీకి మీ గది ఖాయమైంది, ఈ క్యూఆర్‌కి కట్టేయండి." తేదీ సరిగ్గా చెప్పాడు గనక నమ్మేస్తారు.

మూడో అడుగు: నంబరు పెట్టె దగ్గర వేలు ఆపి, దీనికి నా నంబరు ఎందుకని మనల్ని మనమే ప్రశ్నించుకోవడం, సమాధానం తోచకపోతే పిల్లలకు ఫోన్ చేయడం. టీటీడీ సైటు కూడా లాగిన్ కోసం నంబరు, ఓటీపీ అడుగుతుంది, అది సహజమే. ఆ ఓటీపీ మీరు తెరిచిన సైటులోనే కొట్టాలి, ఫోన్‌లో మనిషికి చెప్పకూడదు.

నంబరు ఇప్పటికే ఇచ్చేసుంటే, ఆ గది పేరుతో వచ్చే ఏ ఫోన్‌కీ డబ్బు కట్టకండి. కట్టేసుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.