కలిసి బతికారు సరే, పెళ్లాడగలిగేవారేనా?

1992లో బెంగళూరులో ఒక అవివాహిత, అప్పటికే భార్యాపిల్లలున్న తన సహోద్యోగితో కాపురం పెట్టింది. అతనికి పెళ్లయిందని ఆమెకు తెలుసు. ఏళ్లు గడిచాక అతను వదిలేసి వెళ్లిపోతే, ఆమె గృహహింస చట్టం కింద కోర్టుకెక్కింది. మేజిస్ట్రేట్ నెలకు 18 వేలు ఇవ్వమన్నారు. హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2013 నవంబరులో సుప్రీంకోర్టు కూడా హైకోర్టునే సమర్థించింది.

అన్నేళ్ల కాపురం ఎందుకు లెక్కలోకి రాలేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఒక ఆడ, ఒక మగ ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికితే, కాదని రుజువయ్యేదాకా వాళ్లకు పెళ్లయినట్టే అనుకోవాలని, బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పైకోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1927లోనే చెప్పింది. 1978లో సుప్రీంకోర్టు, 50 ఏళ్లు కలిసున్న ఒక జంట విషయంలో అదే మాట అంది. కానీ ఇద్దరిలో ఒకరికి అంతకుముందే పెళ్లయి ఉంటే ఈ ఊహ నిలవదు. 2024 జులై దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి ‘భార్య’కే; ఇప్పుడు దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఉంది. అతనికి ముందే పెళ్లయిందని తెలియక చేసుకున్న ఆడవాళ్లు కూడా కొందరు అక్కడ ఉత్తిచేతులతో వెనుదిరిగారు.

2005 గృహహింస చట్టం ‘వివాహం లాంటి సంబంధం’ అనే మాటతో తలుపు కొంచెం తెరిచింది. ఖర్చులకు డబ్బు, ఉంటున్న ఇంట్లోంచి గెంటేయకుండా రక్షణ అడగొచ్చు. ఇంటి మీద హక్కు మాత్రం రాదు. 2010లో సుప్రీంకోర్టు దానికి షరతులు చెప్పింది: ఇద్దరికీ పెళ్లి వయసుండాలి, పెళ్లికి అడ్డేమీ ఉండకూడదు, తగినంత కాలం ఇష్టపూర్వకంగా కలిసుండాలి, లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి. బెంగళూరు ఆమె రెండో షరతు దగ్గరే ఆగిపోయింది. నా దృష్టిలో ఇది అన్యాయమే. అతని మొదటి భార్య హక్కు కాపాడాల్సిందే, కానీ ఆ భారమంతా ఈమె ఒక్కదాని మీదే పడింది.

పిల్లల విషయంలో చట్టం కొంత మెత్తగా ఉంది. పోషణ ఖర్చుకు తల్లిదండ్రుల పెళ్లితో పనిలేదు, తండ్రి అతనేనని తేలితే చాలు. ఆస్తి దగ్గరే చిక్కు. చెల్లని పెళ్లి ద్వారా పుట్టిన హిందూ పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి భాగానికి వచ్చేదాంట్లోనూ ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పెళ్లి తంతే జరగకపోతే మాత్రం ఈ నియమం వర్తించదు. అప్పుడు తండ్రి ఆస్తి కావాలంటే పాత దారే గతి: అమ్మానాన్నలు భార్యాభర్తల్లా బతికారని నిరూపించాలి. అద్దె అగ్రిమెంటు, రేషన్ కార్డు, స్కూలు రికార్డులో తండ్రి పేరు, పక్కింటివాళ్ల సాక్ష్యం అక్కడే పనికొస్తాయి.

తోడున్నవాడు వీలునామా రాయకుండా పోతే ఆమె పరిస్థితీ అదే. పెళ్లయినట్టు కోర్టు భావిస్తేనే వారసురాలు. ఇంటికి డబ్బు సగం పెట్టినా, సేల్ డీడ్‌లో పేరు లేకపోతే ఆ సగాన్ని బ్యాంకు కాగితాలతో ఒక్కో రూపాయి చొప్పున చూపించుకోవాల్సిందే.