టాన్సిల్ పక్కన చీముగడ్డ: కత్తా, సూదా?

ఇరవై నాలుగేళ్ల యువకుడు ఈఎన్‌టీ ఓపీకి వచ్చాడనుకుందాం. అయిదు రోజులుగా గొంతునొప్పి. మొదట రెండువైపులా ఉండేది, మూడో రోజు నుంచి ఎడమవైపే గుచ్చుతోంది, అదే వైపు చెవిలోకి పోటు వస్తోంది. ఉమ్మి మింగలేక కర్చీఫ్‌లో తుడుచుకుంటున్నాడు. మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు ముద్దగా వస్తోంది. నోరు తెరవమంటే ఒక వేలు మాత్రమే దూరుతోంది. మామూలుగా మూడు వేళ్లు నిలువుగా పట్టాలి.

ఆ ఒక్క వేలే అసలు విషయం చెబుతుంది. టాన్సిల్ చుట్టూ ఉండే పొరకూ, దాని వెనకున్న గొంతు కండరానికీ మధ్య చీము చేరినప్పుడు, పక్కనే ఉన్న నమిలే కండరం రెచ్చి బిగుసుకుంటుంది. అందుకే దవడ తెరుచుకోదు. లైటు వేసి చూస్తే ఎడమ టాన్సిల్ పైభాగం ఉబ్బి, కొండనాలుక కుడివైపుకు నెట్టుకుపోయి కనిపిస్తుంది. మామూలు టాన్సిల్స్ ఇన్ఫెక్షన్‌లో ఇలా ఒకవైపుకు ఒరగదు.

ఈ గడ్డను కోసి చీము తీయాలన్నది చాలా పాత జ్ఞానం. యాంటీబయాటిక్స్ లేని కాలంలో కోయకపోతే ప్రమాదం రెండు రకాలుగా ఉండేది. గడ్డ నిద్రలో పగిలి చీము ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, లేదా మెడ లోపలి పొరల్లోకి పాకవచ్చు. కోయడానికీ భయమే, ఎందుకంటే టాన్సిల్‌కు వెనక, పక్కగా దాదాపు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో మెదడుకు వెళ్లే పెద్ద ధమని ఉంటుంది. అందుకే కత్తికి చివర ఒక సెంటీమీటరు మాత్రం వదిలి మిగతాదంతా ప్లాస్టరు చుట్టేవారు. కొండనాలుక మొదలు మీదుగా ఒక అడ్డగీత, టాన్సిల్ ముందున్న మడత వెంట ఒక నిలువుగీత ఊహించుకుని, రెండూ కలిసేచోట కోసి, ఫోర్సెప్స్‌తో తెరిచి చీమును వదిలేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. రోగిని కూర్చోబెట్టే చేస్తారు. చీము వెనక్కి జారకుండా పీల్చేసే సక్షన్ గొట్టం సిద్ధంగా ఉండాలి.

19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో మరో దారి మొదలైంది. గడ్డ ఉన్నప్పుడే టాన్సిల్ మొత్తం తీసేయడం. తర్వాతి కాలంలో గడ్డ తగ్గాక ఆరు వారాలాగి తీయడం వాడుక అయింది. ఇప్పుడు గడ్డ మళ్లీ మళ్లీ వచ్చేవారికే ఆ సలహా ఎక్కువగా ఇస్తారు.

20వ శతాబ్దం రెండో సగంలో, ముఖ్యంగా 1980లలో, సూదితో చీము లాగేయడం ఊపందుకుంది. యాంటీబయాటిక్స్ అందుబాటులో ఉండగా అంత కోత అవసరమా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. 1988లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో 52 మందిని రెండు గుంపులుగా చేసి చూస్తే, సూదితో 92 శాతం మందికీ కోతతో 93 శాతం మందికీ నయమైంది. దాంతో చాలాచోట్ల సూదే మొదటి ఎంపికగా మారింది. నొప్పి తక్కువ, ఓపీలోనే చేయొచ్చు. వ్యాధి నిర్ధారణ కూడా అందులోనే అయిపోతుంది, సిరంజిలోకి చీము వస్తే గడ్డ అని తేలినట్టే.

ఇక్కడా పాత భయమే పని నేర్పింది. సూది మూతను కత్తిరించి కొన ఒక సెంటీమీటరు మాత్రమే బయట ఉండేలా తొడుగుతారు. సూదిని నేరుగా వెనక్కే పంపాలి, పక్కకు వాల్చకూడదు. ముందు పైభాగంలో గుచ్చుతారు, రాకపోతే మధ్యలో, తర్వాత కింద.

చిక్కు ఎక్కడంటే, ఏమీ రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. ఇంకా చీము పట్టని వాపే కావొచ్చు, అప్పుడు మందులిచ్చి మర్నాడు మళ్లీ చూస్తారు. లేదా చీము కింది భాగంలో ఉండి సూది దాన్ని తప్పిపోయి ఉండొచ్చు. మందులు వేస్తున్నా దవడ తెరుచుకోకపోతే, మెడ వాచితే రెండోదాన్ని అనుమానించి సీటీ స్కాన్ చేయించాలి.

2016లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 11 అధ్యయనాల్లోని 674 మంది వివరాలు కలిపి చూసింది. సూదితో చేసినవాళ్లలో గడ్డ మళ్లీ రావడం ఎక్కువగా కనిపించింది, నొప్పి మాత్రం తక్కువేననిపించింది. అయితే ఆ ఆధారాలు చాలా బలహీనమైనవని సమీక్షకులే స్పష్టంగా రాశారు. నా ఉద్దేశంలో దీనివల్ల సూది ఓడిపోలేదు. నోరు కొంచెమే తెరుచుకునేవారికి అది ఇప్పటికీ మంచి మొదటి అడుగే. కాకపోతే, చీము లాగాం కదా అని మర్నాడు చూడకుండా వదిలేయడం తప్పు.

మన యువకుడి సంగతికొస్తే, ముందు గొంతుకు మత్తు స్ప్రే కొట్టి పైభాగంలో గుచ్చగానే నాలుగు మిల్లీలీటర్ల చీము వచ్చింది. కొన్ని గంటల్లో నోట్లో రెండు వేళ్లు పట్టాయి, మంచినీళ్లు మింగగలిగాడు. యాంటీబయాటిక్ మొదలుపెట్టి మర్నాడు రమ్మన్నారు. అప్పటికి మళ్లీ ఉబ్బుంటే రెండోసారి సూది వేస్తారు, లేదా కోస్తారు. ఊపిరి ఆడటం కష్టమైతే, పడుకోలేకపోతే మాత్రం మర్నాటిదాకా ఆగకుండా వెంటనే క్యాజువాల్టీకి రావాలని ఇంటివాళ్లకు చెప్పి పంపారు.