పేరెంట్స్‌కి పంపే నోటీసు: అపోహలు, వాస్తవాలు

స్కూల్ ఆఫీసులో నోటీసులు సరిచేయడం నా పని. మొన్న నా టేబుల్ మీదికి వచ్చింది ఇది:

"తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, విద్యార్థుల అభివృద్ధికి మీ సహకారం ఎంతో అవసరమని మీకు తెలిసినదే. పరీక్షా ఫలితాలు చర్చించుటకు వచ్చే శనివారం ఉదయం సమావేశం ఏర్పాటు చేయడమైనది, ఆ రోజు తరగతులు ఉండవు, ఐడీ కార్డు ఫోటోలు ఇవ్వని వారు వెంటనే ఇవ్వవలెను, తల్లిదండ్రులలో ఒకరు తప్పనిసరిగా రావలెను, ప్రోగ్రెస్ కార్డులు విద్యార్థులకు ఇవ్వబడవు."

అపోహ: చిన్నగా రాయడమంటే మాటలు కోసేయడం.

పూర్తిగా కోసేయాల్సింది మొదటి వాక్యం ఒక్కటే. అసలు పని తర్వాత మొదలవుతుంది. ఇది చదివిన తల్లి ఏం చేయాలి, ఎప్పుడు, ఎక్కడ అని ఒక్కోటీ వెతుకుతుంటే లేనివి బయటపడతాయి. నోటీసు గురువారం వెళ్తుంది, మరి "వచ్చే శనివారం" అంటే ఎల్లుండా, పై వారమా? ఉదయం అంటే ఎన్నింటికి? పిల్లలు కూడా రావాలా? ఈ చివరిది హెడ్‌మాస్టర్ గారిని అడిగితే, ఆయనే కాసేపు ఆలోచించి "అవసరం లేదులెండి" అన్నారు. రాసినాయనకే తేలని విషయం ఇంట్లో చదివేవాళ్లకి ఎలా తేలుతుంది? చివరికి ఇలా వెళ్లింది:

> డిసెంబర్ 12, శనివారం: పేరెంట్స్ మీటింగ్
> తల్లిదండ్రుల్లో ఒకరు తప్పక రండి.
> ఉదయం 9:30 నుంచి 12:30 లోపు ఎప్పుడైనా, మీ పిల్లల క్లాస్‌రూమ్‌కి.
> ప్రోగ్రెస్ కార్డు మీ చేతికే ఇస్తాం.
> ఆ రోజు క్లాసులు లేవు, పిల్లలు రానక్కర్లేదు.
> రాలేకపోతే 10వ తేదీలోపు క్లాస్ టీచర్‌కి చెప్పండి.

సైజు తగ్గింది కానీ సమాచారం పెరిగింది, చూశారా!

అపోహ: సూటిగా రాస్తే మర్యాద ఉండదు.

"రావలెను" కన్నా "రండి" మర్యాదైన మాట, మొదటిది తాఖీదులా ఉంటుంది. ఇక "ఇవ్వబడవు" చదివితే కార్డులు అసలు ఇవ్వరేమో అనిపిస్తుంది, అందుకే ఎవరికి ఇస్తామో చెప్పాను.

అపోహ: ఎలాగూ పంపుతున్నాం, అన్నీ ఒకదాంట్లోనే పెట్టేద్దాం.

ఫోటోల సంగతి తీసేసి, ఇవ్వని పిల్లల ఇళ్లకి మాత్రమే వేరే చీటీ పంపాం. ఇచ్చేసినవాళ్లకి అది చదివితే "మళ్లీ ఇవ్వాలా?" అని అనవసరపు టెన్షన్.

అపోహ: రాసినవాళ్లకి అర్థమైతే చాలు.

పంపే ముందు విషయం తెలియని ఒకరికి చూపించి, కాగితం వెనక్కి తీసుకుని "ఎప్పుడు రావాలి, ఎవరు రావాలి?" అని అడుగుతాను. ఈసారి మా అటెండర్ రెండూ టక్కున చెప్పాడు. అయినా పంపాక ఆఫీసుకి ఫోన్లు వచ్చాయి, అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: ఇద్దరు పిల్లలు వేర్వేరు క్లాసుల్లో ఉంటే ముందు ఎక్కడికి రావాలి? ఎవరి క్లాస్‌కైనా ముందు వెళ్లొచ్చు, రెండు కార్డులూ విడిగా తీసుకోవాలి. వచ్చేసారి నోటీసులో ఆ లైను కూడా ఉంటుంది.