యాభై మూడో వారం

2024 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున మా బెంగళూరు ఆఫీసులో చాక్లెట్ల అమ్మకాలు ఒక్కసారిగా ఎగిసిపడ్డాయి. అమ్ముడైంది అమెరికా దుకాణాల్లో. మేం ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కూర్చుని వాటి లెక్కలు చూస్తాం. రెండో వారం రిపోర్టులో పోయిన ఏడాది ఇదే వారం కన్నా అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరం సంబరపడ్డాం. ఇంకో సోమవారం వచ్చేసరికి మూడో వారంలో అవే చాక్లెట్లు కుప్పకూలాయి. మా టీంలో కర్నూలు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. తెర వంక ఒక్క చూపు చూసి, "జరిగింది అమ్మకాలు కాదు బాబూ, వారాలు" అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే ముందు ఆదివారం విలువ తెలియాలి. కమర్షియల్ స్ట్రీట్‌లో బట్టల కొట్టు నడిపేవారిని అడగండి, ఆదివారం గల్లాపెట్టె వేరు, మంగళవారం గల్లాపెట్టె వేరు అంటారు. 2024 నవంబరులో నాలుగు ఆదివారాలు, 2025 నవంబరులో అయిదు. వ్యాపారం ఏమీ పెరగకపోయినా రెండో నవంబరే మెరుగ్గా కనిపిస్తుంది. అందుకే పెద్ద రిటైల్ కంపెనీలు చాలావరకు నెలల్ని పక్కనపెట్టి వారాలు పట్టుకున్నాయి. క్వార్టరుకు 13 వారాలు, వాటిని నాలుగు, నాలుగు, అయిదుగా మూడు 'నెలలు' చేస్తారు. అదే 4-4-5. అమెరికా రిటైలర్లలో 4-5-4 ఎక్కువ. దానికో చక్కటి కారణం ఉంది. 2023లో 4-4-5 ప్రకారం వెళ్తే డిసెంబరు 'నెల' 23వ తేదీకే ముగిసి, క్రిస్మస్ జనవరి లెక్కలో పడేది!

ఇక చిక్కల్లా ఏడో ఎక్కంలోనే ఉంది. 52 వారాలంటే 364 రోజులు. ఏటా ఒక రోజు మిగిలిపోతుంది, లీపు సంవత్సరంలో రెండు. అమెరికా రిటైల్ సంవత్సరం జనవరి 31కి దగ్గరగా వచ్చే శనివారంతో ముగుస్తుంది. 2018లో అది ఫిబ్రవరి 3. తర్వాతి ఏడు ఫిబ్రవరి 2, ఆపైన 1. 2020 లీపు కాబట్టి 2021లో రెండడుగులు వెనక్కి వేసి జనవరి 30కి వచ్చింది. అలా జారుతూ 2023లో జనవరి 28. ఇంకో 52 వారాలు లెక్కపెడితే 2024 జనవరి 27 వస్తుంది. అది 31కి నాలుగు రోజుల దూరం. ఫిబ్రవరి 3 అయితే మూడే రోజులు. కాబట్టి ముగింపు అక్కడికి జరిగింది, ఆ ఏడాదికి 53 వారాలొచ్చాయి.

మనకిదేం కొత్త కాదు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంది, ఆ బాకీ పేరుకున్నప్పుడు అధిక మాసం వేసుకుంటాం. రిటైల్ వాళ్లది అధిక వారం. తమాషా ఏమిటంటే 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, వాళ్లకు 53వ వారం వచ్చింది. సగటు చూస్తే 400 ఏళ్లలో ఇలాంటి సంవత్సరాలు 71 వస్తాయి. అయిదారేళ్లకొకటన్న మాట. తర్వాతిది 2029 ఫిబ్రవరి 3న ముగుస్తుంది.

ఇప్పుడు చాక్లెట్ల సంగతి. 2023 సంవత్సరం జనవరి 29న మొదలైంది, 2024ది ఫిబ్రవరి 4న. వాలెంటైన్స్ డే మొదటిదాంట్లో మూడో వారంలో ఉంది, రెండోదాంట్లో రెండో వారంలోకి వచ్చింది. మా రిపోర్టు మాత్రం వారం నంబరు చూసి జత కట్టింది. పండగ వారాన్ని మామూలు వారంతో, మామూలు వారాన్ని పండగ వారంతో పోల్చింది. పక్కపక్క వారాల్లో ఒకటి లేచి, రెండోది అంతే పడిపోయిందంటే ముందు అనుమానించాల్సింది క్యాలెండర్నే. మందు చిన్నదే: నంబరు వదిలేసి, తేదీలోంచి 364 రోజులు తీసేసి పోల్చాలి. ఆదివారానికి ఆదివారమే ఎదురొస్తుంది. 2024 ఫిబ్రవరి 11తో మొదలైన వారానికి 2023 ఫిబ్రవరి 12తో మొదలైన వారం జత పడుతుంది.

ఏడాది మొత్తానికి మాత్రం ఈ మందు చాలదు. రోజువారీ అమ్మకాలు ఒకేలా ఉన్నా 53 వారాల ఏడాది రెండు శాతం పెరిగినట్టు, దాని తర్వాతి ఏడాది తగ్గినట్టు కనిపిస్తుంది. యాపిల్ 2022 డిసెంబరు క్వార్టరులో 14 వారాలున్నాయి. మరుసటి ఏడు అదే క్వార్టరుకు 13. రెండింటినీ పక్కపక్కన పెట్టేవాళ్లు ఆ వారాన్ని విడిగా తీసి చూడాల్సిందే.

మేం ఆ ఫిబ్రవరిలోనే రిపోర్టు సరిచేసుకుని హాయిగా ఉన్నాం. నవంబరు వచ్చింది. అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం: 2023లో 23న, 2024లో 28న. నంబరు ప్రకారం రెండూ 43వ వారమే. 364 రోజుల జత కడితే మాత్రం విడిపోయాయి! అదే క్రిస్మస్‌కి మళ్లీ ఆ జతే సరిపోయింది, నంబరు తప్పింది. పెద్దాయన ఈసారి ఏమీ అనలేదు. పండగల వారాలకు చేత్తో ఒక పట్టిక రాసిచ్చి, కాఫీకి లేచారు.