మైక్రోస్కోప్ కెమెరా నల్లగా కనిపిస్తే: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో కంప్యూటర్లు, ల్యాబ్ పరికరాలు బాగుచేసే పని నాది. నౌపడా–గుణుపురం రైలు దారిలో ఉన్న కాలేజీ ల్యాబులు, రక్తపరీక్ష కేంద్రాలు, సరిహద్దుకు అవతల పాతపట్నంలోని మొబైల్ రిపేర్ షాపులు నన్ను పిలుస్తుంటాయి. ఈమధ్య ఎక్కువగా వస్తున్నది ఒకటే ఫిర్యాదు: యూఎస్‌బీ మైక్రోస్కోప్ కెమెరా కంప్యూటర్లో నల్లగా వస్తోంది, లేదంటే బొమ్మ మసకగా, చిన్నగా వస్తోంది. చెడిపోని కెమెరాలను చెడిపోయాయని పక్కన పడేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే గుణుపురం వైపు ఒక కాలేజీ బోటనీ ల్యాబులో జరిగింది మొదటి నుంచీ చెబుతాను.

అపోహ: తెర నల్లగా ఉందంటే డ్రైవర్ పోయినట్టే, విండోస్ మళ్లీ ఎక్కించాలి.

ఆ ల్యాబులో ఉన్నది మూడు గొట్టాల మైక్రోస్కోప్. రెండు గొట్టాలు కళ్లకు, పైన నిలువుగా ఉన్నది కెమెరాకు. ఒకరోజు కెమెరా బొమ్మ నల్లబడింది. దగ్గర్లోని షాపు కుర్రాడు వచ్చి డ్రైవర్ తీసి మళ్లీ వేశాడు, కుదరలేదు. విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాడు, అప్పుడూ కుదరలేదు. కెమెరా పోయింది, కొత్తది కొనండని చెప్పి వెళ్లాడు. ల్యాబ్ అసిస్టెంట్ నాకు ఫోన్ చేసి, "ఏటో తెలీదు బాబూ, కళ్లతో చూస్తే ఉల్లివేరు స్లైడ్ బాగానే కనబడతంది, కంప్యూటర్లో మాత్రం అమావాస్యలా ఉంది" అంది.

సగం జవాబు ఆ మాటలోనే ఉంది. వెలుతురంతా కళ్లకే వెళుతోంది.

నేను వెళ్లాక కంప్యూటర్ జోలికి పోలేదు. ముందు కెమెరాను గొట్టం మీంచి మరతిప్పి ఊడదీశాను. కేబుల్ అలాగే ఉంచి, సాఫ్ట్‌వేర్ తెరిచి, కెమెరా మూతిని కిటికీ వైపు పెట్టాను. తెర వెంటనే తెల్లబడింది. అరచెయ్యి అడ్డం పెడితే నల్లబడింది, తీస్తే మళ్లీ తెల్లబడింది. బొమ్మ స్పష్టంగా ఉండదు, ఎందుకంటే ముందు లెన్స్ లేదు. కానీ కెమెరా, కేబుల్, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ నాలుగూ పనిచేస్తున్నాయని ఈ ఒక్క పరీక్షతో తేలిపోయింది. ఊడదీసినప్పుడు లోపల కనిపించే గాజును వేలితో తాకకండి, దుమ్ము పడనివ్వకండి. అక్కడ పడ్డ మరక ప్రతి ఫొటోలోనూ అదేచోట కనిపిస్తుంది.

ఇక మిగిలింది వెలుతురు దారి. మూడు గొట్టాల మైక్రోస్కోపుల్లో చాలావాటికి తల పక్కన ఒక చిన్న కడ్డీ ఉంటుంది. లోపలికి నొక్కితే వెలుతురు కళ్లకు వెళుతుంది, బయటికి లాగితే కెమెరాకు వెళుతుంది. కొన్ని మోడళ్లలో వెలుతురును రెండింటికీ పంచుతుంది, కొన్నింటిలో ఒకవైపు ఇస్తే రెండోవైపు పూర్తిగా చీకటే. ఎవరో విద్యార్థి కళ్లతో చూడటానికి దాన్ని నొక్కి అలాగే వదిలేశాడు. నేను లాగగానే బొమ్మ వచ్చింది.

వచ్చిన బొమ్మ కూడా మసక చీకటిగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టి ఉంది, అదీ బాగా తక్కువకు. ఆటోలో పెడితే సరిపోయింది. ఎక్స్‌పోజర్ అడుగుకి దించి ఉంటే మంచి కెమెరా కూడా దాదాపు నల్లగానే చూపిస్తుంది. అందుకే కిటికీ వెలుతురుకి తెర కదలకపోతే ఫోన్ టార్చి దగ్గరగా పెట్టి మరోసారి చూడండి.

చేతిలో పట్టుకునే చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోపుల్లో ఈ కడ్డీ ఉండదు. వాటికి కేబుల్ మధ్యలోనో పైభాగంలోనో ఎల్‌ఈడీ వెలుతురు తగ్గించే చక్రం ఉంటుంది. అది చివరిదాకా తిరిగి ఉంటే దీపం ఆరిపోతుంది, తెర నల్లబడుతుంది.

అపోహ: టార్చి వేసినా నల్లగానే ఉంది, ఇక కెమెరా పోయినట్టే.

ఇక్కడ కూడా తొందరపడొద్దు. మీరు చూస్తున్నది అసలు ఏ కెమెరా? ల్యాప్‌టాప్‌కి సొంత కెమెరా ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే దాన్నే పట్టుకుంటాయి. దాని మీద చిన్న తలుపు మూసి ఉందనుకోండి, లేదా ఎవరైనా స్టిక్కర్ అంటించారనుకోండి, తెర నల్లగానే ఉంటుంది. మీరు మాత్రం మైక్రోస్కోప్ పోయిందని టెన్షన్ పడతారు. ల్యాప్‌టాప్ కెమెరా తలుపు తీసి దాని ముందు చెయ్యి ఊపండి. తెర మీద చెయ్యి కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మెనూలో కెమెరా మార్చడమే మిగిలిన పని.

నల్లటి బొమ్మ కాకుండా ఎర్రర్ కోడ్ వస్తే అది విండోస్ వైపు సంగతి. విండోస్ కెమెరా యాప్‌లో 0xA00F4243 అని వస్తే మరో ప్రోగ్రామ్ ఆ కెమెరాను వాడుకుంటోందని అర్థం. మీటింగ్ యాప్ వెనక తెరిచి ఉందేమో చూసి మూసేయండి. కోడ్ 0xA00F4244 అయితే దానికి కెమెరాయే దొరకలేదు. ముందు హబ్ తీసేసి నేరుగా సాకెట్‌లో గుచ్చండి, తర్వాత అనుమతులు చూడండి. విండోస్ 11లో Settings లోని Privacy & security, అందులో Camera తెరిచి, Let desktop apps access your camera అన్నది ఆన్‌లో ఉందో లేదో చూడాలి. మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. పైన ఉన్న మిగతా స్విచ్‌లు ఆన్ చేసి దీన్ని మరిచిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: పెట్టెలో వచ్చిన సీడీ పోయింది కాబట్టి కెమెరా ఇక పనిచేయదు.

ఇప్పటి చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోపులు చాలావరకు వెబ్‌క్యామ్ పద్ధతిలోనే మాట్లాడతాయి. వాటికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. గుచ్చగానే Device Manager లో Cameras కింద గానీ Imaging devices కింద గానీ పేరు వచ్చి, విండోస్ కెమెరా యాప్‌లో బొమ్మ కనిపిస్తే సీడీ అక్కర్లేదు. గొట్టం మీద బిగించే ల్యాబ్ కెమెరాల్లో కొన్ని మాత్రం వేరు. వాటికి తయారీదారు డ్రైవర్, సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. అవి విండోస్ కెమెరా యాప్‌లో కనిపించవు, అది లోపం కాదు.

అపోహ: 1080 కెమెరా అని అమ్మి 640 కెమెరా అంటగట్టారు.

బోటనీ ల్యాబ్ కథ ఇంకా ఉంది. వారం తర్వాత బోటనీ మేడమ్ ఫోన్ చేశారు. "బొమ్మ వస్తోంది కానీ ప్రొజెక్టర్‌లో వేస్తే గళ్లు గళ్లుగా ఉంది. మనది 1920×1080 కెమెరా కదండీ?" అన్నారు. ఒక ఫొటో సేవ్ చేసి, దాని Properties లో Details చూడమన్నాను. అక్కడ 640×480 అని ఉంది. తెర మీద కనిపించే కిటికీ ఎంత పెద్దగా ఉందన్నది కొలత కాదు, సేవ్ అయిన ఫొటోలో ఉన్న అంకెలే కొలత.

విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు సాఫ్ట్‌వేర్ తన మొదటి అమరికకు పోయింది. అది ఎందుకు 640×480 ఎంచుకుంటుందో తెలిస్తే మిగతాది తేలిక. YUY2 అనే పద్ధతిలో కెమెరా బొమ్మలోని ప్రతి చుక్కకూ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, 2 బైట్లు పంపుతుంది, ఏమీ కుదించదు. 640×480 బొమ్మ సెకనుకు 30 సార్లు పంపాలంటే సుమారు 18 మెగాబైట్లు కావాలి. 1920×1080 అయితే సుమారు 124 మెగాబైట్లు. ఇలాంటి కెమెరాలకు యూఎస్‌బీ 2.0లో దొరికే దారి సెకనుకు 24 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 18 పడుతుంది, 124 పట్టదు. MJPG పద్ధతిలో కెమెరా ప్రతి బొమ్మనూ ఫొటోలా కుదించి పంపుతుంది, అందుకే అదే తీగలో 1080 కూడా వస్తుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ముందు పద్ధతిని MJPG కి మార్చి, ఆ తర్వాత బొమ్మ కొలతను, అంటే రిజల్యూషన్‌ను, ఎంచుకోవాలి. చాలాచోట్ల YUY2 ఉన్నంతసేపు పెద్ద కొలతలు జాబితాలోనే కనిపించవు, కనిపించినా సెకనుకు నాలుగైదు బొమ్మలే వచ్చి స్లైడ్ జరిపితే తడబడుతుంది. AMCap లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది Options మెనూలో Video Capture Pin కింద ఉంటుంది. విండోస్ కెమెరా యాప్‌లోనైతే సెట్టింగ్స్‌లో Video quality దగ్గర చూడాలి. లినక్స్ వాడే ల్యాబుల్లో కెమెరా నిజంగా ఏమేమి ఇవ్వగలదో ఇలా అడగొచ్చు, video0 ల్యాప్‌టాప్ సొంత కెమెరా అయితే దాని చోట మైక్రోస్కోప్ నంబరు పెట్టండి:

```
v4l2-ctl -d /dev/video0 --list-formats-ext
```

పద్ధతి వారీగా కొలతలు, సెకనుకు ఎన్ని బొమ్మలు అన్నవి వరసగా వస్తాయి. ఈ జాబితాలో లేని కొలత మీ ఫొటోలో ఉందంటే, దాన్ని సాఫ్ట్‌వేర్ సాగదీసి ఇచ్చిందని అర్థం. చవక మైక్రోస్కోపుల పెట్టెల మీద రాసే పెద్ద మెగాపిక్సెళ్లలో ఇలాంటివి ఉంటాయి. ఒక్కోసారి ఆ సాగదీత కెమెరా లోపలే జరుగుతుంది. అప్పుడు జాబితా కూడా నమ్మకం కాదు. అదే స్లైడ్‌ను చిన్న కొలతలో, పెద్ద కొలతలో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పెద్దదాంట్లో కొత్త గీత ఒక్కటీ కనబడకపోతే పెరిగింది ఫైలు మాత్రమే.

యూఎస్‌బీ 3.0 ఉండే నీలం రంగు సాకెట్‌లో గుచ్చితే సరిపోతుందని కొందరంటారు. యూఎస్‌బీ 2.0 కెమెరా ఎందులో గుచ్చినా 2.0 వేగంతోనే నడుస్తుంది. హబ్ సంగతి మాత్రం నిజంగా పట్టించుకోవాలి. పాతపట్నంలో ఒక మొబైల్ షాపు అన్న ఒకే హబ్‌కి మైక్రోస్కోప్, వెబ్‌క్యామ్ రెండూ పెట్టుకున్నాడు. ముందు తెరిచిన కెమెరా దారి పట్టేస్తే రెండోది నల్లగా ఉండిపోయేది. మైక్రోస్కోప్‌ను హబ్ నుంచి తీసి ల్యాప్‌టాప్ అవతలి వైపు సాకెట్‌లో పెట్టాం, రెండూ నడిచాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అన్ని సాకెట్లూ లోపల ఒకే దారికి కలుస్తాయి. అక్కడ రెండింటినీ MJPG కి మార్చి, కొలత తగ్గించి చూడటమే మార్గం.

అపోహ: రిజల్యూషన్ మారితే బొమ్మ నాణ్యత మాత్రమే మారుతుంది.

ఇదే అన్నిటికన్నా నష్టం చేసేది. ఇందులో నా తప్పు కూడా ఉంది. మొదటి రోజు బొమ్మ రాగానే కొలత చూడకుండా వచ్చేశాను. ఆ వారంలో విద్యార్థులు ఉల్లివేరు కణాల పొడవు కొలిచి రికార్డుల్లో రాసేశారు.

ఆ ల్యాబులో చుక్కలను మైక్రాన్లుగా మార్చే స్కేలు 1920×1080 దగ్గర కట్టింది: 40 రెట్ల అబ్జెక్టివ్ లెన్స్‌తో 10 మైక్రాన్లకు 45 చుక్కలు. వారం రోజులు కెమెరా నడిచింది 640×480లో. నిలువున 1080 చుక్కలు 480కి తగ్గాయి, అంటే 2.25 రెట్లు. కాబట్టి 10 మైక్రాన్లకు ఉన్నవి 20 చుక్కలే. 20 మైక్రాన్ల కణం 40 చుక్కలు ఆక్రమిస్తుంది. మళ్లీ ఎక్కించుకున్న పాత లెక్కతోనే సాఫ్ట్‌వేర్ 40ని 45తో భాగించి 10తో గుణించి, దాన్ని 9 మైక్రాన్లుగా చూపించింది. రికార్డుల్లో కణాలన్నీ సగానికన్నా చిన్నవైపోయాయి.

ఆ ఫొటోలు సేవ్ చేసి ఉన్నాయి కాబట్టి మళ్లీ కొలవగలిగారు. కానీ 2.25తో గుణించేస్తే చాలని ప్రతిచోటా అనుకోకండి. కొన్ని కెమెరాలు కొలత మార్చినప్పుడు బొమ్మ మొత్తాన్ని కుదిస్తాయి, కొన్ని మధ్య భాగాన్ని మాత్రమే కత్తిరించి ఇస్తాయి, కొన్ని అడ్డంగా నొక్కేస్తాయి. నొక్కిన బొమ్మలో గుండ్రటి పుప్పొడి రేణువు కోడిగుడ్డులా కనిపిస్తుంది. అక్కడ నిలువుకి ఒక లెక్క, అడ్డానికి ఇంకో లెక్క.

అందుకని స్టేజ్ మైక్రోమీటర్ స్లైడ్ పెట్టి, వాడబోయే కొలతలో మళ్లీ స్కేలు కట్టాం. ఆ స్లైడ్‌లో 1 మిల్లీమీటరును 100 గడులుగా విభజించి ఉంటారు, ఒక్కో గడి 10 మైక్రాన్లు. అడ్డంగా ఒకసారి, స్లైడ్ తిప్పి నిలువుగా ఒకసారి కొలిచాం. రెండూ 45 దగ్గరే వచ్చాయి. అబ్జెక్టివ్ పేరు, 1920×1080, MJPG, 45 చుక్కలు అని కాగితం మీద రాసి మైక్రోస్కోప్ కాలికి అంటించాం. కడ్డీ పక్కన ఇంకో కాగితం అంటించింది ల్యాబ్ అసిస్టెంట్: "కెమెరాకి లాగాలి".