బోరు నీళ్లల్ల సిల్వర్ నైట్రేట్ చుక్క: నెట్ అయానిక్ ఈక్వేషన్ ఎట్ల రాయాలె

హన్మకొండ దిక్కు బోరు నీళ్లు ఒక టెస్ట్ ట్యూబ్‌ల పట్టి రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగ మసకబారుతది, క్లోరైడ్ మస్తుగుంటే పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగ కిందికి దిగుతది. ఇంటర్‌ల సాల్ట్ టెస్ట్ చేసినోళ్లు ఇది చూసే ఉంటరు. ల్యాబ్‌ల అయితే బాటిల్ మీద సాల్ట్ పేరు ఉంటది కాబట్టి ఈక్వేషన్ ఈజీగ రాసేస్తం, మరి బోరు నీళ్లకు ఏం రాయాలె? అండ్ల ఉన్నది సోడియం క్లోరైడా, కాల్షియం క్లోరైడా, మెగ్నీషియం క్లోరైడా?

అసలు ఆ ప్రశ్నకే అర్థం లేదు. నీళ్లల్ల కరిగినంక సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్ అయాన్లు అన్నీ దేనికది విడిగ తిరుగుతుంటయ్, ఈ క్లోరైడ్ ఆ కాల్షియంది అని చెప్పడానికి ఏమీ ఉండదు. సిల్వర్ అయాన్‌కు ఎదురుపడ్డ క్లోరైడ్ కావాలె, అది ఎక్కడినుంచి వచ్చిందో దానికి పట్టింపు లేదు. నెట్ అయానిక్ ఈక్వేషన్ అంటే ఇదే, నిజంగ మారినోళ్లను మాత్రమే రాసుడు.

కాల్షియం క్లోరైడ్ తీసుకొని పూర్తిగ చేసి చూద్దాం. ముందు మామూలు ఈక్వేషన్, బ్యాలెన్స్ చేసి:

CaCl₂(aq) + 2AgNO₃(aq) → 2AgCl(s) + Ca(NO₃)₂(aq)

ఇప్పుడు (aq) అని ఉన్నవాటిని అయాన్లుగ విడగొట్టాలె. ఇక్కడ చానామంది CaCl₂ ని Ca²⁺ ఇంకా Cl₂ అని రాస్తరు, అట్ల రాస్తే అది క్లోరిన్ గ్యాస్ అయిపోతది. రెండు క్లోరైడ్లు అంటే 2Cl⁻, అంతే. నైట్రేట్‌ను మాత్రం నైట్రోజన్ వేరే ఆక్సిజన్ వేరే చేయొద్దు, NO₃⁻ నీళ్లల్ల కూడ ఒక్క ముక్కగనే ఉంటది.

Ca²⁺ + 2Cl⁻ + 2Ag⁺ + 2NO₃⁻ → 2AgCl(s) + Ca²⁺ + 2NO₃⁻

రెండు దిక్కులా ఒకే రూపంల ఉన్నవి చూడుండ్రి. Ca²⁺ ఎట్ల వచ్చిందో అట్లనే ఉంది, NO₃⁻ కూడ అంతే. వీటినే స్పెక్టేటర్ అయాన్లు అంటరు, తెలుగు మీడియం పుస్తకాలల్ల ప్రేక్షక అయాన్లు. కొట్టేస్తే 2Ag⁺ + 2Cl⁻ → 2AgCl మిగులుతది, అంతటినీ 2 తోని భాగిస్తే:

Ag⁺(aq) + Cl⁻(aq) → AgCl(s)

సోడియం క్లోరైడ్‌తోని మొదలుపెట్టినా, మెగ్నీషియం క్లోరైడ్‌తోని మొదలుపెట్టినా చివరికి ఇదే వస్తది. అందుకే బోరు నీళ్లకు కూడ ఇదే సరిపోతది. రాసినంక ఒక్కసారి చార్జ్ చూసుకోవాలె, ఎడమ దిక్కు +1, -1 కలిస్తే సున్నా, కుడి దిక్కు సున్నా. పరమాణువులు సరిపోయి చార్జ్ సరిపోలేదంటే ఏదో అయాన్ తప్పు రాసినట్టే.

నా లెక్కల కొట్టేసుడు అసలు కష్టమే కాదు, చిన్న పిల్లలు కూడ కొట్టేస్తరు, తప్పులన్నీ దేన్ని విడగొట్టాలె దేన్ని వద్దు అన్నకాడనే జరుగుతయ్. AgCl లీటర్ నీళ్లల్ల సుమారు 2 మిల్లీగ్రాములే కరుగుతది, అంటే దాదాపు అంతా ఘనపదార్థంగనే ఉంటది కాబట్టి దాన్ని విడగొట్టొద్దు. అట్ల విడగొడితే అన్నీ కొట్టేసుకపోయి చేతిల ఏం మిగలదు, కండ్ల ముందు తెల్లటి అవక్షేపం ఉంటే పేపర్ మీద రియాక్షనే లేదన్నట్టు అయితది. ఉప్పు నీళ్లల్ల పొటాషియం నైట్రేట్ కలిపితే మాత్రం నిజంగనే అన్నీ కొట్టేసుకపోతయ్, అప్పుడు రియాక్షన్ జరగలేదని రాయాలె. ఏది కరుగుతది అన్నదానికి మొదట్ల రెండు మాటలు గుర్తుంటే చాలు: నైట్రేట్లన్నీ కరుగుతయ్, సోడియం, పొటాషియం, అమ్మోనియం సాల్ట్స్ మామూలుగ కరుగుతయ్.

యాసిడ్, బేస్ రియాక్షన్లకు కూడ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ చూడాల్సింది కరిగిందా లేదా అని మాత్రమే కాదు, కరిగినంక విడిపోయిందా అని. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ లాంటి స్ట్రాంగ్ యాసిడ్లు పూర్తిగ విడిపోతయ్, సోడియం హైడ్రాక్సైడ్ కూడ అంతే, అందుకని ఏ జంట తీసుకున్నా మిగిలేది:

H⁺(aq) + OH⁻(aq) → H₂O(l)

ఇది ఉత్త కాగితం మీది ముచ్చట కాదు. పల్చటి ద్రావణాలల్ల HCl, NaOH కలిపినా, HNO₃, KOH కలిపినా ఒక మోల్ నీళ్లు తయారైతే వచ్చే వేడి దాదాపు ఒక్కటే, సుమారు 57 కిలోజౌళ్లు. సోడియం పోయి పొటాషియం వచ్చినా వేడి మారలేదంటే అవి రియాక్షన్‌ల లేనట్టే గదా.

వెనిగర్ దగ్గరికి వస్తే కథ మారుతది. అండ్లున్న అసిటిక్ యాసిడ్ నీళ్లల్ల మంచిగనే కరుగుతది గని, మామూలు వెనిగర్‌ల వెయ్యి అణువులకు నాలుగైదే విడిపోయి ఉంటయ్. మిగిలినవన్నీ మొత్తం అణువులుగనే ఉంటయ్ కాబట్టి ఎట్లుందో అట్లనే రాయాలె:

CH₃COOH(aq) + OH⁻(aq) → CH₃COO⁻(aq) + H₂O(l)

ఇక్కడ అసిటేట్ స్పెక్టేటర్ కాదు, ఎందుకంటే ఎడమ దిక్కు అది విడిగ లేదు. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే సోడియం ఒక్కటే స్పెక్టేటర్.

ఇప్పుడు మళ్ల మన బోరు నీళ్లు. నేను పైన ఒక సంగతి చెప్పకుండ దాటేసిన, ఈ నీళ్లల్ల క్లోరైడ్‌తో పాటు బైకార్బొనేట్ కూడ ఉంటది, గిన్నెలకు తెల్లగ పొరకట్టేది దాని వల్లనే. సిల్వర్ నైట్రేట్ వేస్తే దాంతోని సిల్వర్ కార్బొనేట్ కూడ ఏర్పడి నీళ్లు మసకబారొచ్చు, అది చూసి అంతా క్లోరైడే అనుకుంటే తప్పైతది. అందుకే ముందుగాలనే డైల్యూట్ నైట్రిక్ యాసిడ్ పోస్తరు, బుడగలు వస్తే బైకార్బొనేట్ పోతున్నట్టు:

HCO₃⁻(aq) + H⁺(aq) → H₂O(l) + CO₂(g)

బైకార్బొనేట్‌ను H⁺, CO₃²⁻ అని విడగొట్టలేదు చూడుండ్రి, నీళ్లల్ల అది ఎక్కువ భాగం HCO₃⁻ గనే ఉంటది. ముందే యాసిడ్ పోయడం మరిచినా నష్టం లేదు, మసకబారినంక పోసినా తెలిసిపోతది, సిల్వర్ కార్బొనేట్ అయితే కరిగిపోతది:

Ag₂CO₃(s) + 2H⁺(aq) → 2Ag⁺(aq) + H₂O(l) + CO₂(g)

చార్జ్ చూస్తే రెండు దిక్కులా +2. సిల్వర్ క్లోరైడ్ అయితే ఆ యాసిడ్‌కు కదలదు, అట్లనే ఉంటది.

మరి ల్యాబ్‌ల హైడ్రోక్లోరిక్ కూడ ఉంటది గదా, నైట్రిక్కే ఎందుకు అంటే, H⁺ ఏ యాసిడ్ నుంచి వచ్చినా బైకార్బొనేట్‌కు ఒక్కటే గని, వెనుక మిగిలే అయాన్ ఏంది అన్నది చూడాలె. నైట్రిక్ పోస్తే NO₃⁻ మిగులుతది, అది మొదటి రియాక్షన్‌ల స్పెక్టేటరే, తర్వాత సిల్వర్ వేసినప్పుడు కూడ స్పెక్టేటరే, సిల్వర్ నైట్రేట్ బాటిల్‌ల కూడ ఉన్నది అదే. హైడ్రోక్లోరిక్ పోస్తే మొదటి రియాక్షన్‌ల Cl⁻ ఏ పని చేయకుండ నిలబడి, సిల్వర్ పడంగనే దాంతోని కలిసి తెల్లగ దిగుతది, అప్పుడు డిస్టిల్డ్ వాటర్ తెచ్చి టెస్ట్ చేసినా క్లోరైడ్ ఉన్నట్టే రిజల్ట్ వస్తది.